జవాబు తీరు: కొలువులో పెద్దకు, ఇంట్లో పెద్దకు, ఫోనులో ఈడువారికి
ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి స్మారకోపన్యాస పాఠం

1928 జూన్ 19న ఒంగోలులో జన్మించి 2012 ఆగస్టు 11న కన్నుమూసిన ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి పేరు చెప్పగానే ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం గుర్తుకు రావడం సహజమే అయినా, తెలుగు సమాజానికి ఆయన చేసిన మేలులో అంతే విలువైన భాగం మరొకటి ఉంది. 1962లో ఆయన సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకు కేటాయించబడింది. పొలం గట్టున రైతు నోట పలికే మాట కావ్యంలోని మాటతో సమానంగా శాస్త్ర పరిశీలనకు అర్హమైనదని ఆ గ్రంథం నిరూపించింది. 1985లో జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి ఆయన రచించిన ఆధునిక తెలుగు వ్యాకరణం, వాడుకలో ఉన్న తెలుగును ఉన్నది ఉన్నట్టుగా వర్ణించింది. ఆయన స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసం ఆ రెండు గ్రంథాలు చూపిన దారిలోనే నడుస్తూ, పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం మైదానాలలో ఒక మనిషి తనకు పైనున్న ఉద్యోగికి, ఇంటి పెద్దకు, ఫోను సందేశాలలో సమవయస్కుడికి ఇచ్చే జవాబుల తీరు ఎక్కడ, ఎందుకు మారుతుందో పరిశీలిస్తుంది.

ఈ పరిశీలన చేరుకునే నిర్ణయాన్ని ముందే చెప్పడం మేలు. పైవారికి మర్యాద ఎక్కువ, తోటివారికి తక్కువ, బంధువులకు మధ్యస్థం అని మర్యాదను ఒకే నిచ్చెన మీది మెట్లుగా భావించడం వల్ల జవాబుల తీరు అర్థం కాదు. తెలుగు జవాబులో గౌరవం ఒకటి, ఎడం మరొకటి. ఈ రెండూ ఒక్కోసారి కలిసి నడుస్తాయి, ఒక్కోసారి విడిపోతాయి. కొలువులో గౌరవం ఎడంతో కలిసి వస్తుంది, ఇంట్లో గౌరవం చనువుతో కలిసి వస్తుంది, ఈడువారి మధ్య గౌరవం చాలాసార్లు మర్యాద రూపాలను వదిలేయడం ద్వారానే వ్యక్తమవుతుంది. ఒకచోట మన్నన అనిపించిన రూపం మరొకచోట అవమానంగా వినిపించడానికి కారణం ఇదే.

వాక్యం చివరి చోటు

జవాబును ప్రశ్న నుంచి వేరుచేసే ఒక వ్యాకరణ లక్షణం ముందుగా గమనించదగినది. ఎదుటివారిని అడిగేటప్పుడు తెలుగు క్రియే మర్యాదను మోస్తుంది. "వచ్చావా" అన్నా "వచ్చారా" అన్నా అడిగినవారికి, అడగబడినవారికి మధ్య ఉన్న సంబంధం ఆ క్రియ చివరనే తెలిసిపోతుంది. జవాబు విషయంలో ఈ సౌకర్యం లేదు. జవాబు చెప్పేవారు ఎక్కువగా తమ గురించో, జరిగిన పని గురించో చెబుతారు కాబట్టి వారి క్రియలు "వస్తాను", "చేశాను", "తెలియదు", "కుదరదు", "అయిపోయింది" వంటివి అవుతాయి. ఈ రూపాలు కలెక్టరుకైనా, అమ్మమ్మకైనా, స్నేహితుడికైనా ఒక్కటే. వినేవారు ఎవరో ఈ క్రియలకు పట్టదు.

అందువల్ల జవాబులో వినేవారి పట్ల భావమంతా క్రియకు వెలుపల, వాక్యం చివరన ఉన్న ఒక చిన్న చోటులో నిలవవలసి వస్తుంది. "వస్తానండి", "వస్తాను సార్", "వస్తానయ్యా", "వస్తానమ్మా", "వస్తాన్రా", "వస్తానే", "వస్తాలే" అన్న ఏడు రూపాలలో చెప్పిన విషయం ఒకటే, చెప్పిన మనిషి ఒకరే కావచ్చు; మారింది ఆ చివరి చోటులో కూర్చున్న అంశం మాత్రమే. ఆ చోటును ఖాళీగా వదిలి "వస్తాను" అని ఊరుకోవడం కూడా తటస్థం కాదు, ఎందుకంటే నిండుతుందని వినేవారు ఎదురుచూసే చోటు నిండకపోతే ఆ లోటే ఒక అర్థాన్ని ఇస్తుంది. ఎదురుగా మాట్లాడుతున్నప్పుడు గొంతు, చూపు, నిలబడే తీరు ఆ లోటును కొంత పూడుస్తాయి. సందేశంగా రాసినప్పుడు ఆ సహాయం ఉండదు.

పాత ఉత్తరాలలో ఈ సమస్యకు వేరే పరిష్కారం ఉండేది. "మహారాజశ్రీ", "గారి దివ్య సముఖమునకు", "ఉభయకుశలోపరి", చిన్నవారికైతే "చిరంజీవి", "ఆశీర్వదించి వ్రాయునది" అన్న సంబోధనలు ఉత్తరం తలపైనే సంబంధాన్ని స్థిరపరచేవి కాబట్టి, కింద రాసిన విషయం ఎంత పొడిగా ఉన్నా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఫోను సందేశానికి తలకట్టు లేదు. ఒక్కో చిన్న వాక్యం విడిగా వెళ్లి విడిగా చదవబడుతుంది కాబట్టి, ఉత్తరంలో ఒక్కసారి చెప్పి సరిపెట్టిన సంబంధాన్ని సందేశంలో ప్రతి వాక్యమూ మళ్లీ మోయవలసి వస్తోంది.

కొలువులో పైవారికి

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తా, చిలకలూరిపేట వైపు జిన్నింగు మిల్లులో సూపర్‌వైజరు, మండల కార్యాలయంలో చిన్న ఉద్యోగి తమ పైవారికి ఇచ్చే జవాబులను పరిశీలిస్తే మూడు లక్షణాలు కనిపిస్తాయి. మొదటిది, "సార్", "మేడమ్" అన్న మాటలు "అండి" కూర్చునే చోటులోనే కూర్చుంటాయి. "అవునండి" అంటారు, "అవును సార్" అంటారు, రెండూ కలిపి "అవునండి సార్" అనడం తక్కువ. "అండి"కి వయసుతో, ఊరితో, చుట్టరికంతో సంబంధం ఉండగా, "సార్"కు పదవితో మాత్రమే సంబంధం ఉంది. తనకన్నా పదేళ్లు చిన్నవాడైన అధికారికి యాభై ఏళ్ల గుమాస్తా ఇబ్బంది లేకుండా జవాబు చెప్పగలగడానికి ఈ మాటే వీలు కల్పించింది.

రెండవది, పైవారికిచ్చే జవాబులో "నేను" వెనక్కి తగ్గుతుంది. "నేను పంపలేకపోయాను" అనేదానికన్నా "లారీ ఇంకా రాలేదు సార్" అన్నది ఎక్కువగా వినిపిస్తుంది. పనిని, వస్తువును, సమయాన్ని ముందు పెట్టి మనిషిని వెనక పెట్టడం ఇక్కడి పద్ధతి. మూడవది, జవాబు తరువాతి పనితో ముగుస్తుంది. ఆలస్యమైందన్న సమాచారం ఒక్కటే చాలదు, ఎప్పటికి పూర్తవుతుందో చెప్పే భాగం ఉండాలి. అది లేని జవాబు మర్యాద లేనిది కాకపోయినా బాధ్యత లేనిదిగా చదవబడుతుంది.

ఈ మూడు లక్షణాలను సభ్యతగా మాత్రమే చూస్తే చరిత్రలో సగం మరుగున పడుతుంది. రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో ప్రచురించిన వ్యాసంలో "నువ్వు", "మీరు" వంటి జంట సర్వనామాల వాడుకను రెండు శక్తులు నడుపుతాయని వివరించారు. అందులో ఒకటి అధికారం: పైవాడు "నువ్వు" అంటాడు, కిందివాడు "మీరు" అంటాడు, అంటే ఇచ్చే రూపం ఒకటి, పుచ్చుకునే రూపం మరొకటి. రెండవది సాన్నిహిత్యం: ఇద్దరూ ఒకే రూపాన్ని ఇచ్చిపుచ్చుకుంటారు. కృష్ణా కుడిగట్టు మైదానాలలో భూమి ఉన్నవారికి, కూలికి వచ్చేవారికి మధ్య తరాల తరబడి నడిచింది మొదటి పద్ధతే. జుట్టు నెరిసిన పాలేరు "అయ్యా" అని జవాబు చెబితే, అతని మనవడి ఈడు వాడు "ఒరే" అని పిలిచేవాడు. "ఎదురు చెప్పడం", "మారు మాట్లాడడం", "నోరెత్తడం" అన్న పలుకుబడులు జవాబునే నేరంగా భావించిన కాలపు గుర్తులు. 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో, తాము తాగే చెరువు నీటిని మురికి చేయవద్దని దళితులు అభ్యంతరం చెప్పిన సంఘటన తరువాత జరిగిన దాడిలో ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. జవాబు తీరు గురించి ఈ నేల మీద మాట్లాడేవారు, జవాబు చెప్పే హక్కు కోసమే ఇక్కడ మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారన్న సత్యాన్ని విస్మరించడం న్యాయం కాదు. "సార్" అన్న పదవి మాట "అయ్యా", "దొరా" అన్న పుట్టుక మాటల స్థానంలోకి రావడం ఈ నేపథ్యంలో చిన్న మార్పు కాదు. ఆ మర్యాద కుర్చీతో వస్తుంది, కుర్చీతో పోతుంది.

ఇంట్లో పెద్దకు

ఇంటి పెద్దలకు ఇచ్చే జవాబులో ఈ లెక్క తిరగబడుతుంది. ఈ ప్రాంతపు రైతు కుటుంబాలు చాలావాటిలో అమ్మను, అమ్మమ్మను, తాతను, మేనమామను "నువ్వు" అనడమే వాడుక. అందులో అగౌరవం ఏమాత్రం లేదు. గౌరవం క్రియలో గానీ "అండి"లో గానీ కాకుండా చుట్టరికపు పిలుపులో ఉంటుంది. "వస్తాను అమ్మమ్మా", "తిన్నాను పెదనాన్నా", "అట్టాగే మామయ్యా" అన్న జవాబులలో ఆ పిలుపును తీసివేస్తే మిగిలేది మొరటుగా వినిపిస్తుంది, ఆ పిలుపు స్థానంలో "అండి" చేరిస్తే పరాయితనంగా వినిపిస్తుంది. మనవడు ఉన్నట్టుండి "సరేనండి" అంటే అమ్మమ్మకు మర్యాద ఎక్కువైందన్న సంతోషం కలగదు, వాడికి ఎందుకో కోపం వచ్చిందన్న అనుమానం కలుగుతుంది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. రక్తసంబంధపు పెద్ద వేరు, పెళ్లితో వచ్చిన పెద్ద వేరు. పిల్లనిచ్చిన మామగారికి, అత్తగారికి అల్లుడు చెప్పే జవాబులో చుట్టరికపు పిలుపుతో పాటు "గారు" గానీ "అండి" గానీ తప్పనిసరిగా వస్తుంది. అటునుంచి కూడా వయసులో చిన్నవాడైన అల్లుడికి "మీరు" అన్న గౌరవమే అందుతుంది. బావామరదళ్ల మధ్య, బావాబావమరుదుల మధ్య వయసు తేడా ఉన్నా మేలమాడే చనువు ఉంటుంది. మేనరికపు పెళ్లిళ్లు జరిగిన కుటుంబాలలో మేనమామే మామగారు అవుతాడు కాబట్టి, నిన్నటి "నువ్వు" ఇవాళ ఏమి కావాలన్నది ఒక్కో ఇల్లు ఒక్కో విధంగా తేల్చుకుంటుంది. కులాన్ని బట్టి, చదువును బట్టి తల్లిదండ్రులను కూడా "మీరు" అనే ఇళ్లు ఉన్నాయి. అందువల్ల "పెద్దవారితో ఇలా మాట్లాడాలి" అన్న ఒకే సూత్రం ఇంటి లోపల చెల్లదు. వయసు కన్నా చుట్టరికం, చుట్టరికం కన్నా ఆ ఇంటి వాడుక బలమైనవి.

ఇంటి జవాబుకు ఉన్న మరో లక్షణం దాని నిడివి. అధికారికి పని ముఖ్యం కాబట్టి జవాబు చిన్నదైనకొద్దీ మేలు; ఇంటి పెద్దకు మనిషి ముఖ్యం కాబట్టి, అడిగినదానికి జవాబు వచ్చిన తరువాత కూడా తిన్నాడా, నిద్రపోయాడా, ఒంట్లో బాగుందా అన్న అడగని ప్రశ్నలకు జవాబు రావాలి. ఇక్కడ "లే" అన్న అంశం చేసే పని ప్రత్యేకమైనది. "వస్తాలే", "తింటాలే", "చూసుకుంటాలే" అన్నప్పుడు ఆ "లే" వినేవారి ఆందోళనను గుర్తించి, అది అక్కరలేదని చెబుతుంది. ఆందోళన పడే హక్కు ఉన్నవారికి అది ఊరట. ఆ హక్కు లేని పైఅధికారికి అదే "పంపిస్తాలే సార్" అయితే, విసిగించవద్దని చెప్పినట్టుగా తోస్తుంది. ఒకే అక్షరం ఒకరికి ఓదార్పు, మరొకరికి తోసిపుచ్చడం కావడానికి కారణం అక్షరంలో లేదు, వినేవారి స్థానంలో ఉంది.

కాదనడంలో కూడా ఇంటి పద్ధతి వేరు. బయలుదేరేవారు "వెళ్తాను" అనకుండా "వెళ్లొస్తాను" అన్నట్టే, ఇంట్లో బియ్యం "లేవు" అనకుండా "నిండుకున్నాయి" అన్నట్టే, పెద్దలు అడిగినదాన్ని సూటిగా తిరస్కరించకుండా "చూద్దాం", "వీలు చూసుకుని వస్తాను" అనడం పరిపాటి. పెద్దలు కూడా అందులోని "లేదు"ను గ్రహించి, గ్రహించినట్టు బయటపడరు. ఈ ఒప్పందం తెలియని కొత్తవారు "చూద్దాం" అన్న మాటను మాట ఇవ్వడంగా పొరబడతారు.

ఫోనులో ఈడువారికి

సమవయస్కుల మధ్య సందేశాలలో రెండు ఘట్టాలు ఉంటాయి. ఎదుటివారి వయసు, ఊరు, స్థితి తెలియనప్పుడు "గారు", "అండి" అన్న రూపాలే రక్షణ. ఎవరినీ నొప్పించకుండా ఉండడానికి అవి సురక్షితమైన దూరాన్ని ఇస్తాయి. పరిచయం పెరిగాక వాటిని వదిలేయడమే స్నేహానికి గుర్తు అవుతుంది. "అండి" పోయి, పేరు మిగిలి, ఆ తరువాత "రా" గానీ "బ్రో" గానీ వచ్చి చేరుతుంది. ఈ మైదానాలలో యువకులు చుట్టరికం లేకుండానే ఒకరినొకరు "మామా", "బావా" అని పిలుచుకోవడం గమనార్హం. మేలమాడే హక్కు ఉన్న చుట్టరికాలనే వారు స్నేహానికి ఎరువు తెచ్చుకున్నారు, శాసించే హక్కు ఉన్న "నాన్న", "పెదనాన్న"లను తెచ్చుకోలేదు.

గొంతు లేని చోట గొంతును రాతలో చూపడానికి ఈడువారు కొన్ని పద్ధతులు ఏర్పరచుకున్నారు. చివరి అచ్చును సాగదీసి రాయడం, నవ్వు బొమ్మ చేర్చడం, ఒక వాక్యాన్ని రెండు మూడు ముక్కలుగా పంపడం, మాట్లాడినట్టే "రాలా", "తెలీదు", "వస్తన్నా" అని రాయడం వీటిలో ముఖ్యమైనవి. చివరిది మాండలిక దృష్టితో విలువైనది. పుస్తకాలలోకి ఎక్కని గుంటూరు పలుకుబడులు, "ఏంది", "అట్టా", "ఇట్టా" వంటివి, రోమన్ లిపిలోనైనా తెలుగు లిపిలోనైనా రోజూ రాతలోకి వస్తున్నాయి. ప్రామాణిక రూపంలో రాయడం ఈడువారి మధ్య బిగుసుకుపోవడంగా అనిపిస్తుంది కాబట్టి, వారు యాసనే ఎంచుకుంటున్నారు.

స్నేహం చెడినప్పుడు జరిగేది దీనికి విలోమం. వాదం ముదిరినకొద్దీ "రా" మాయమై "మీరు" తిరిగి వస్తుంది, "అలాగేనండి" అన్న జవాబు తలుపు వేసినట్టు వినిపిస్తుంది. అపరిచితుల మధ్య "బాబూ", "నాయనా", "తమ్ముడూ" అన్న ఆప్యాయపు పిలుపులు ఎదుటివారి కన్నా తాను పెద్దనని చాటుకునే సాధనాలవుతాయి. మర్యాద రూపాల లెక్క మాత్రమే చూసేవారికి ఆ వాదం సభ్యంగా సాగుతున్నట్టు కనిపిస్తుంది. అందులో ఉన్నవారికి మాత్రం గాయం తెలుస్తూనే ఉంటుంది.

ఒక సాయంత్రం, మూడు జవాబులు

ఈ భేదాలన్నీ ఒకేచోట కనిపించడానికి ఒక ఊహా సందర్భాన్ని పరిశీలించవచ్చు. మిరప సరుకు జోరుగా వచ్చే మార్చి నెలలో, గుంటూరు యార్డులోని ఒక కమీషన్ కొట్టులో పనిచేసే యువ గుమాస్తా, నరసరావుపేట మీదుగా రావలసిన సరుకు లారీ కోసం రాత్రి ఎనిమిది గంటలకు ఎదురుచూస్తున్నాడని అనుకుందాం. కొట్టు యజమాని బస్తాలు దిగాయా అని అడిగాడు, ఊళ్లో అమ్మమ్మ రాత్రికి ఇంటికి వస్తున్నావా అని అడిగింది, స్నేహితుడు నలుగురితో కలిసి భోజనానికి వస్తున్నావా అని అడిగాడు. మూడు ప్రశ్నలకూ కారణం ఒకటే, లారీ రాలేదు. ఫలితం ఒకటే, అతను ఇప్పుడే కదలలేడు.

యజమానికి అతని జవాబు ఇలా ఉండవచ్చు: "లారీ ఇంకా నరసరావుపేట దాటలేదు సార్. దించేసరికి పదకొండు అవుతుంది. పొద్దున్నే కాటా పెట్టిస్తాను సార్." ఇందులో చెప్పేవాడు చివరి క్రియలో తప్ప కనబడడు, సరుకు ఎక్కడుందో, ఎప్పటికి దిగుతుందో, తరువాత ఏమి జరుగుతుందో వరుసగా వచ్చాయి. అమ్మమ్మకు జవాబు: "అమ్మమ్మా, లారీ రాలేదు, ఈ రాత్రికి రాలేను. ఇక్కడే తినేస్తాలే, నువ్వు తినేసి పడుకో. రేపు పొద్దునకల్లా వచ్చేస్తా." పిలుపు ముందుకు వచ్చింది, "నువ్వు" వచ్చింది, అడగని భోజనం గురించి "లే"తో భరోసా వచ్చింది, లారీ ఎక్కడుందన్న వివరం పోయింది. స్నేహితుడికి జవాబు: "లారీ రాలా రా. మీరు కానిచ్చేయండి, రేపు కలుద్దాం." కారణం మూడు మాటలలో ముగిసింది, ఇక్కడి "మీరు" మర్యాద కోసం కాదు, అవతల ఉన్నది నలుగురు కాబట్టి.

ఇప్పుడు ఈ జవాబులను తారుమారు చేస్తే లోపం ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. యజమానికి "రేపు చూద్దాంలే సార్" అని వెళితే, "సార్" ఉన్నా ఆ జవాబు నిలబడదు, ఎందుకంటే అతనికి కావలసిన సమయం అందులో లేదు, అక్కరలేని ఓదార్పు ఉంది. అమ్మమ్మకు "లారీ ఆలస్యం, రావడం కుదరదు" అని వెళితే, విషయమంతా ఉన్నా మనిషి లేడు. స్నేహితుడికి "రాలేకపోతున్నందుకు క్షమించండి" అని వెళితే, నిన్న జరిగిన ఏదో మాటకు ఇది బదులని అతను వెతుక్కోవడం మొదలుపెడతాడు.

జవాబు తప్పుగా చేరిందని తెలిపే గుర్తు కూడా ఈ సందర్భంలోనే ఉంది. సంభాషణ విశ్లేషణ అనే శాస్త్ర శాఖ, అంటే మనుషుల మాటల వరుసను రికార్డు చేసి ఒక్కో మాట తరువాత ఏ మాట వచ్చిందో పరిశీలించే శాఖ, ఒక మాటకు అర్థం ఏమిటన్నది దాని తరువాతి మాటలో బయటపడుతుందని చెబుతుంది. యజమాని తిరిగి "ఎన్నింటికి?" అని అడిగితే జవాబులో సమయం లోపించిందని అర్థం. అమ్మమ్మ "ఒంట్లో బాగుందా?" అని అడిగితే చనువు లోపించిందని అర్థం. స్నేహితుడు "ఏంటి కొత్తగా మర్యాద?" అంటే ఎడం ఎక్కువైందని అర్థం. తీరులోని లోపాన్ని వినేవారు చాలా అరుదుగా నేరుగా ఎత్తిచూపుతారు. వారు మళ్లీ అడిగే ప్రశ్నే ఆ లోపానికి కొలత.

వీటన్నిటికన్నా చిక్కైనది ముగ్గురూ ఒకే గుంపులో ఉన్నప్పుడు ఇచ్చే జవాబు. భాషాశాస్త్రవేత్త అలన్ బెల్ 1984లో శ్రోతను బట్టి శైలి రూపొందుతుందని ప్రతిపాదిస్తూ, సంబోధించబడినవారే కాక పక్కన ఉండి వినేవారు కూడా ఆ శైలిని మారుస్తారని చెప్పాడు. కుటుంబపు వాట్సాప్ గుంపులో బావమరిది వేసిన హాస్యానికి జవాబు చెప్పే అల్లుడు, మామగారు కూడా చదువుతున్నారన్న ఎరుకతో "రా"ను మింగి, పేరు కూడా వదిలి, ఒక నవ్వు బొమ్మతో సరిపెట్టడం ఇందుకు ఉదాహరణ. ఆ బొమ్మ అక్కడ సోమరితనం కాదు. ఇద్దరికీ ఒకేసారి సరిపోయే రూపం భాషలో దొరకనప్పుడు తీసుకున్న జాగ్రత్త.

పరిమితులు, చివరి మాట

ఇక్కడ చెప్పినదాన్ని పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలంతటికీ సమానంగా వర్తింపజేయడం సరికాదు. 1962 నాటి పదకోశం గుంటూరును మధ్య మాండలికంలోను, నెల్లూరును, కర్నూలును దక్షిణ మాండలికంలోను చేర్చింది. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి తాలూకాలను తీసి ఏర్పరచిన జిల్లాకే తరువాత ప్రకాశం అన్న పేరు వచ్చింది. అందువల్ల ఆ మాండలికాల సరిహద్దు అప్పటి ఆ జిల్లా లోపలనుంచే పోతుంది. కర్నూలు నుంచి వచ్చిన మార్కాపురం, గిద్దలూరు వైపు "అండి" పలచబడి, "అన్నా", "అయ్యా", "అప్పా" వంటి పిలుపులు ఆ పనిని చేస్తాయి. ఆ ప్రాంతపు మనిషి "అండి" లేకుండా జవాబు చెబితే గుంటూరు కార్యాలయంలో అతన్ని మర్యాద తెలియనివాడిగా లెక్కకట్టడం, ఒక మాండలికపు కొలతతో మరొక మాండలికాన్ని కొలవడమే.

ఇంతవరకు పరిశీలించినవన్నీ కిందినుంచి పైకి, లేదా పక్కకు వెళ్లే జవాబులు. పైనుంచి కిందికి వచ్చే జవాబును ఎవరూ తీరు పేరుతో పరీక్షించరు, పరీక్షించవలసింది మాత్రం దానినే. పత్తి కొనుగోలు కేంద్రంలో తేమ ఎనిమిది శాతం లోపు ఉన్న పత్తికి పూర్తి మద్దతు ధర దక్కుతుంది, ఆ పైన పన్నెండు శాతం వరకు ధర తగ్గుతూ పోతుంది, పన్నెండు దాటితే భారత పత్తి సంస్థ కొనదు. పత్తి తీసిన చేలనుంచి ట్రాక్టరు కట్టుకుని వచ్చిన రైతుకు "పన్నెండు దాటింది, తియ్యం, నువ్వు తోలుకుపో" అని చెప్పవచ్చు. "తేమ పద్నాలుగు ఉందండి, రెండెండలు ఆరబెట్టుకుని తీసుకురండి, అప్పుడు తీసుకుంటాం" అని కూడా చెప్పవచ్చు. నిబంధన రెండింటిలోనూ ఒకటే, తిరస్కారం రెండింటిలోనూ ఒకటే. రెండవ జవాబులో రైతుకు తన సరుకు కొలత తెలిసింది, చేయవలసిన పని తెలిసింది, మనిషిగా అందవలసిన రూపం అందింది. కొట్టు యజమానికి గుమాస్తా ఇచ్చిన జవాబులో ఉన్న మూడు గుణాలూ ఇవే. కిందివారినుంచి రోజూ పుచ్చుకుంటున్న ఈ గుణాలను పైవారు తమ జవాబులో తిరిగి ఇవ్వవలసి ఉంది. బస్తా మోసే హమాలీకి, కాయ కోసే కూలి మనిషికి, తేమ దాటిన పత్తితో నిలబడిన రైతుకు ఆ జవాబు అందేవరకు, ఈ నేల మీద "అండి" అన్నది మర్యాద అనిపించుకోదు, ఒకవైపునుంచే చెల్లుతున్న కప్పం అనిపించుకుంటుంది.